అధ్యాపక పరిచయం రాయడం ఎలా: ఒక నల్లనేలల పరిశోధకురాలి పేజీని ఉదాహరణగా తీసుకుని

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల వెబ్‌సైట్లు తెరిచి అధ్యాపకుల పేజీలు చూడండి. చాలావాటిలో పరిచయం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. ఉదాహరణకు సివిల్ విభాగంలో ఒక అసోసియేట్ ప్రొఫెసర్‌ను ఊహించుకుందాం. ఆమె పేజీలో ఇప్పుడున్న పేరా ఇది:

"బి.టెక్., ఎం.టెక్., పీహెచ్‌డీ పూర్తి చేశారు. 17 సంవత్సరాల బోధనానుభవం ఉంది. జాతీయ, అంతర్జాతీయ పత్రికల్లోనూ సదస్సుల్లోనూ 42 పత్రాలు ప్రచురించారు. 30కి పైగా కార్యశాలల్లో పాల్గొన్నారు. పలు వృత్తి సంఘాల్లో జీవితకాల సభ్యురాలు. ఆసక్తి గల రంగాలు: సాయిల్ మెకానిక్స్, పునాదులు, కాంక్రీటు, పర్యావరణం, మెషిన్ లెర్నింగ్."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆమె ఏం చేస్తారో కూడా తెలియదు. పేరు తీసేసి పక్క గదిలోని సహోద్యోగి పేరు పెట్టినా ఈ పేరా సరిపోతుంది. దీన్ని నూటయాభై మాటలకు మించని మంచి పరిచయంగా మార్చడం ఎలాగో ఇప్పుడు చూద్దాం. మీరు సివిల్ వారు కాకపోయినా ఫరవాలేదు, పని వరుస ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ పేరాను న్యాక్ బృందం కోసమో, ఎన్‌బీఏ బృందం కోసమో రాయకండి. వాళ్లకు కావలసిన లెక్కలకు వేరే పట్టికలు, ఫారాలు ఉన్నాయి. కార్యశాలల సంఖ్య అక్కడికి వెళుతుంది. మీ పేజీని నిజంగా చదివేది వేరేవాళ్లు. మీ దగ్గర పీహెచ్‌డీ చేయాలా వద్దా అని చూస్తున్న ఎం.టెక్. విద్యార్థి, తన పత్రికకు సమీక్షకుల కోసం వెతుకుతున్న సంపాదకుడు, తన రోడ్డు ఎందుకు పగులుతోందో అడగడానికి మనిషి కోసం చూస్తున్న పంచాయతీరాజ్ ఇంజినీరు. ముగ్గురికీ కావలసింది ఒకటే: ఈ మనిషి ఏ సమస్య మీద పనిచేస్తున్నారు? అందుకే పరిచయం డిగ్రీలతో కాకుండా సమస్యతో మొదలు కావాలి.

సమస్యను ఒక వాక్యంలో పెట్టండి

పేజీ పైభాగంలో పేరు, హోదా, విభాగం ఎలాగూ ఉంటాయి. మొదటి వాక్యంలో వాటిని మళ్లీ చెప్పడం స్థలం దండగ. ఆ వాక్యంలో మూడు విషయాలు ఉండేలా చూడండి: మీరు దేనిమీద పనిచేస్తున్నారు, అది ఎక్కడ ఎదురవుతుంది, అందులో మీ ప్రశ్న ఏమిటి.

మన అధ్యాపకురాలిని అడిగితే మొదట "నేల స్థిరీకరణపై పరిశోధన" అంటారు. అది పాఠ్యపుస్తకంలో అధ్యాయం పేరు, ప్రశ్న కాదు. ఇంకొంచెం తవ్వాలి. ఏ నేల? కృష్ణా డెల్టాలోని నల్లనేల. దానితో చిక్కేమిటి? అందులోని బంకమట్టి ఖనిజం, ముఖ్యంగా మాంట్‌మోరిల్లొనైట్, నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దాని మీద రోడ్డు వేస్తే అంచుల దగ్గర తేమ మారినప్పుడల్లా నేల లేస్తూ దిగుతూ ఉంటుంది, రోడ్డు పొడవునా పగుళ్లు వస్తాయి. ఆమె ఏం చేస్తున్నారు? సున్నం, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్ కలిపి ఆ నేలను నిలబెట్టడానికి ప్రయత్నిస్తున్నారు. ఇది చాలామంది చేసే పనే. మరి ఆమె ప్రత్యేకంగా అడుగుతున్నది ఏమిటి? ఏళ్ల తరబడి తడుస్తూ ఎండుతూ ఉంటే ఆ బలం ఎంతకాలం నిలుస్తుంది అని. దొరికింది! ఇదే ఆమె వాక్యం.

ఈ ప్రశ్నోత్తరాలు మీతో మీరే నడపడం కష్టమైతే సులువైన దారి ఒకటుంది. గత ఐదేళ్ల పత్రాల శీర్షికలు ఒక కాగితం మీద రాసుకుని "ప్రభావం", "అధ్యయనం", "విశ్లేషణ", "నూతన" లాంటి మాటలన్నీ కొట్టేయండి. మిగిలిన నామవాచకాల్లో మళ్లీ మళ్లీ వచ్చేవి ఏవో చూడండి. మీ సమస్య వాటిలోనే ఉంటుంది.

ఏదీ మళ్లీ రాకపోతే? మన కళాశాలల్లో ఇది మామూలే. ఏటా ఎం.టెక్. విద్యార్థుల ప్రాజెక్టులు మార్గదర్శకులకు పంచుతారు, ఒక ఏడు కాంక్రీటు, ఒక ఏడు మురుగునీరు, ఒక ఏడు ట్రాఫిక్. ప్రతిదాని నుంచీ ఒక పత్రం వస్తుంది. అలాంటప్పుడు వాటన్నింటినీ కలిపే గొప్ప సూత్రం ఏదో ఉందని చూపించే ప్రయత్నం చేయకండి, చదివేవాళ్లు పట్టేస్తారు. వచ్చే మూడేళ్లు మీరు కొనసాగించాలనుకునే అంశాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని దాన్నే చెప్పండి. మిగతావి పూర్తి జాబితాలో ఉంటాయి.

ఆసక్తుల జాబితా విషయంలోనూ ఇదే మాట. మెషిన్ లెర్నింగ్ మీద మీరు ఒక్క పత్రంలో సహ రచయిత అయితే, అదీ లెక్కలన్నీ ఇంకొకరు చేసి ఉంటే, దాన్ని మీ ఆసక్తిగా రాయకండి. నిజంగా ఆ పని చేయాలనుకునే విద్యార్థి మీ గది తలుపు తట్టినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. రెండు మూడు ఆసక్తులు చాలు, అందులో ఒకటి ఇంకా మొదలుపెట్టనిది అయితే "ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నారు" అని స్పష్టంగా చెప్పండి.

42 పత్రాల్లోంచి మూడు

అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని ఇది. మన అధ్యాపకురాలి 42 పత్రాలను కుప్పలుగా వేద్దాం. సదస్సుల్లో చదివినవి 19. ఎం.టెక్. విద్యార్థులతో కాంక్రీటు మీద రాసినవి 14. నల్లనేలల మీద పత్రికల్లో వచ్చినవి 9. పరిచయంలోకి వెళ్లవలసినవి ఈ మూడో కుప్పలోంచే రావాలి. సంఖ్య చిన్నదని బెంగపడనక్కర్లేదు. మొదటి వాక్యంలో చెప్పిన సమస్యకు సాక్ష్యంగా నిలిచే పత్రం ఒక్కటి, దానికి సంబంధం లేని పది పత్రాలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆ తొమ్మిదింటిలో మూడు ఎంచడానికి నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఈ పత్రంలో మీ వాటా ఏమిటో రెండు నిమిషాల్లో చెప్పగలరా? చెప్పలేకపోతే పక్కన పెట్టండి. పాఠకుడు ఇప్పుడే ఆ పత్రాన్ని తెరవగలడా? `https://doi.org/` తర్వాత పత్రం డీఓఐ సంఖ్య చేర్చి బ్రౌజర్‌లో పెట్టండి. తెర మీద `DOI Not Found` అని వస్తే ముందు సంఖ్య సరిగ్గా కొట్టారో లేదో చూసుకోండి. అప్పటికీ అదే వస్తే ఆ పత్రిక సంగతి ఆలోచించవలసిందే. పంపిన వారంలోనే ఆమోదించి, డబ్బు తీసుకుని, తర్వాత వెబ్‌సైటే కనబడకుండా పోయిన పత్రికలు మనలో చాలామంది జాబితాల్లో ఉన్నాయి. పదోన్నతి ఫైల్లో వాటి గతి ఏమిటో అక్కడివాళ్లు చూసుకుంటారు. పరిచయంలోకి మాత్రం రానివ్వకండి.

ఎంచిన మూడూ మూడు కాలాలవైతే బాగుంటుంది: పరిశోధన ఎక్కడ మొదలైందో చెప్పేది ఒకటి, ఇప్పుడు ఎక్కడుందో చెప్పేది ఒకటి, ప్రయోగశాల దాటి పొలం గట్టుకో రోడ్డుకో చేరినది ఒకటి. మూడో రకం లేకపోతే రెండే పెట్టండి.

ఇక రాసే తీరు. శీర్షికను దించేయకండి. "సున్నం, ఫ్లై యాష్ మిశ్రమంతో విస్తరణశీల నేలల స్థిరీకరణపై ప్రయోగాత్మక అధ్యయనం" అన్న శీర్షిక చదివితే ఏం కనుక్కున్నారో తెలియదు. ఫలితం రాయండి: "సున్నం, ఫ్లై యాష్ కలిపిన నల్లనేల ఉబ్బు మొదట బాగా తగ్గినా, పలుమార్లు తడిసి ఎండిన తర్వాత ఆ లాభంలో కొంత పోతుందని చూపారు." ఇప్పుడు సంపాదకుడికి ఒక పేరు దొరికింది, ఇంజినీరుకు ఒక హెచ్చరిక దొరికింది. ఆ వాక్యానికే పత్రం లంకె తగిలించండి.

"చూపారు", "కనుగొన్నారు" లాంటి క్రియల దగ్గర కాస్త ఆగండి. మీరు మొదటి రచయితో, ఆ పని నడిపించినవారో అయితే సరే. విద్యార్థి చేసిన పనికి మార్గదర్శకులు మాత్రమే అయితే "తమ పరిశోధక విద్యార్థితో కలిసి" అని చేర్చండి. ఆ విద్యార్థి కూడా ఈ పేజీ చదువుతారు. "యూజీసీ ఆమోదిత పత్రిక", "స్కోపస్ పత్రిక" అనే ముద్రలు కూడా వద్దు. యూజీసీ తన కేర్ జాబితాను 2025లో ఎత్తేసింది. స్కోపస్ కూడా ఎప్పటికప్పుడు కొన్ని పత్రికలను వదిలేస్తుంటుంది. నేడు గర్వంగా రాసుకున్న ముద్ర రేపు ప్రశ్న అవుతుంది.

మన పేర్ల చిక్కు

పత్రాల సంగతి తేలిన తర్వాత ఒకసారి గూగుల్ స్కాలర్‌లోనూ స్కోపస్‌లోనూ మీ పేరు వెతకండి. తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరానికి కుదించి. ఈ వ్యవస్థలు మాత్రం చివర ఉన్న మాటే ఇంటిపేరు అనుకుంటాయి. ఇంటిపేరు "కె"తో మొదలై, పేరు వెంకట లక్ష్మి అయిన ఎవరినైనా తీసుకోండి. వేర్వేరు పత్రాల్లో ఆ పేరు ఇలా కనిపించవచ్చు:

```
K. Venkata Lakshmi
Venkata Lakshmi K
K. V. Lakshmi
Lakshmi, K. V.
```

నాలుగూ ఒకే మనిషి. కానీ స్కోపస్‌లో ఆమె ఇద్దరు ముగ్గురు రచయితలుగా చీలిపోయి ఉండవచ్చు, లేదా అదే పేరున్న ఇంకెవరి పత్రాలో ఆమె ఖాతాలో చేరి ఉండవచ్చు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవారి పరిస్థితి ఇంకా చిక్కు. పత్రాలు ఉన్నా లేనట్టే కనిపిస్తాయి.

దీనికి చేయవలసింది మూడు పనులు. ఇకమీదట అన్ని పత్రాల్లోనూ వాడే రూపం ఒకటి నిర్ణయించుకుని, పరిచయం పేజీలో కూడా అదే ఇంగ్లిషు వర్ణక్రమం పెట్టండి. ఓర్కిడ్ ఐడీ లేకపోతే ఉచితంగా తీసుకోండి. అందులో పాత పేరు రూపాలన్నీ చేర్చుకునే వీలుంది. అది `https://orcid.org/` తర్వాత నాలుగేసి చొప్పున పదహారు స్థానాల సంఖ్య. చివరి స్థానంలో కొందరికి `X` వస్తుంది, అది తప్పు కాదు. మూడోది, స్కోపస్‌లో చీలిన ఖాతాలను కలపమని కోరవచ్చు, దానికి అక్కడే వీలు ఉంది. గూగుల్ స్కాలర్‌లో అయితే మీవి కాని పత్రాలను మీరే తీసేయాలి, ఇంకెవరూ తీయరు.

సంస్థ పేరు, జిల్లా పేరు కూడా ఈ కోవలోవే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పాత గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో బాపట్ల విడిగా ఏర్పడ్డాయి. పాత పత్రాల్లో పాత జిల్లా ఉంటుంది, దాన్ని ఏమీ చేయలేం. పేజీలో మాత్రం ఇప్పటి చిరునామా ఉండాలి. పీహెచ్‌డీ విశ్వవిద్యాలయం దగ్గర "జేఎన్‌టీయూ" అని వదిలేయకండి. 2008లో అది విడిపోయింది కాబట్టి కాకినాడా, హైదరాబాదా, అనంతపురమా చెప్పండి.

బోధనను పరిశోధన పక్కన నిలబెట్టండి

పరిచయాల్లో బోధన భాగం సాధారణంగా రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, "17 సంవత్సరాల అనుభవం" అని ఒక్క ముక్కతో సరిపెట్టడం. రెండు, ఇన్నేళ్లలో చెప్పిన ప్రతి సబ్జెక్టునూ ఇంజినీరింగ్ డ్రాయింగ్‌తో సహా వరుసగా పేర్చడం. రెండింటిలోనూ ఆమె ఎలాంటి టీచరో కనబడదు.

రెండు కోర్సులు చాలు: తరచుగా చెప్పేది ఒకటి, మీరు తయారుచేసినదో మార్చినదో ఒకటి. వాటితోపాటు విద్యార్థులు ఆ క్లాసులో చేసే ఒక పని చెప్పండి. మన అధ్యాపకురాలు సాయిల్ మెకానిక్స్ ప్రయోగశాలలో విద్యార్థులతో వాళ్ల ఊళ్ల మట్టి తెప్పిస్తారనుకుందాం. 425 మైక్రాన్ల జల్లెడలో దిగిన ఎండు మట్టి పది గ్రాముల చొప్పున రెండు కొలపాత్రల్లో పోసి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ నింపి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ రెండు ఘనపరిమాణాల తేడా కిరోసిన్ పాత్రలోని మట్టికి ఎంత శాతమో లెక్క కడితే అదే ఫ్రీ స్వెల్ సూచిక. ఐఎస్ 2720లో ఉన్న మామూలు పరీక్షే ఇది. కానీ తెనాలి విద్యార్థి తెచ్చిన మట్టినీ, మాచర్ల విద్యార్థి తెచ్చిన మట్టినీ పక్కపక్కన పెట్టి చూపడం ఆమె ఆలోచన. పరిచయంలో పరీక్ష వివరాలు అక్కర్లేదు, "విద్యార్థులు తమ ఊళ్ల మట్టి తెచ్చి ఉబ్బు పరీక్ష చేస్తారు" అంటే చాలు. ఆ ఒక్క వాక్యంతో బోధనా పరిశోధనా ఒకే మనిషివని తెలుస్తుంది.

పీహెచ్‌డీ మార్గదర్శకత్వం దగ్గర పట్టా పొందినవారిని, చేస్తున్నవారిని విడివిడిగా చెప్పండి. సిద్ధాంత గ్రంథం సమర్పించినంత మాత్రాన పట్టా వచ్చినట్టు కాదు. ఇప్పుడు కొత్త విద్యార్థులను తీసుకునే వీలుందా లేదా అన్నది కూడా చెప్పగలిగితే ఎం.టెక్. విద్యార్థికి అంతకన్నా ఉపయోగపడే వాక్యం ఇంకొకటి ఉండదు. నిధులు వచ్చిన ప్రాజెక్టు ఉంటే ఇచ్చిన సంస్థ, సంవత్సరాలు, మీరు ముఖ్య పరిశోధకులా సహ పరిశోధకులా అన్నది ఒక్క వాక్యంలో పెట్టండి. దరఖాస్తు పంపి ఎదురుచూస్తున్నవి రాయకండి.

అంకెలు

"17 సంవత్సరాలు" వచ్చే ఏడాదికి తప్పు అవుతుంది, "2008 నుంచి" ఎప్పటికీ తప్పు కాదు. పాడైపోయే అంకెలను ఇలా నిలిచే అంకెలుగా మార్చండి. మీ పత్రాలను ఇతరులు ఉదహరించిన సంఖ్య, హెచ్ సూచిక పెట్టి తీరాలనుకుంటే ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ నెలలో తీసుకున్నారో పక్కనే రాయండి. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, సదస్సు పత్రాలను, ఇంకా రకరకాల పత్రాలను లెక్కపెడుతుంది, స్కోపస్ తన జాబితాలో ఉన్నవాటినే చూస్తుంది. అందువల్ల ఒకే మనిషికి రెండు చోట్లా వేర్వేరు అంకెలు ఉంటాయి. పెద్దది ఎంచుకుని మూలం చెప్పకపోవడం మాత్రం బాగుండదు. నన్నడిగితే అంకెలు వదిలేసి లంకెలు పెట్టడమే మేలు, అవి వాటంతటవే తాజాగా ఉంటాయి.

ఇవన్నీ కలిపి మన అధ్యాపకురాలి పరిచయం ఇలా తయారవుతుంది:

"కృష్ణా డెల్టాలో కాలువ గట్ల మీది రోడ్లు అంచుల దగ్గర ఎందుకు పగులుతాయి, వాటి కింది నల్లనేలను సున్నం, ఫ్లై యాష్‌తో ఎంతకాలం నిలబెట్టగలం అన్నది పరిశోధిస్తున్నారు. ఇలా బలపరిచిన నేల ఉబ్బు మొదట బాగా తగ్గినా, పలుమార్లు తడిసి ఎండిన తర్వాత ఆ లాభంలో కొంత పోతుందని తమ పీహెచ్‌డీ పరిశోధనలో చూపారు. ఆ నష్టాన్ని తగ్గించే మిశ్రమాల మీద ఇటీవల తమ పరిశోధక విద్యార్థితో కలిసి పత్రం ప్రచురించారు. పాత రోడ్ల కింది నేలలో తేమ మార్పులను కొలిచే పని ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నారు. 2008 నుంచి బోధిస్తున్నారు. మూడో సంవత్సరం సాయిల్ మెకానిక్స్ ప్రయోగశాలలో విద్యార్థులు తమ ఊళ్ల మట్టి తెచ్చి ఉబ్బు పరీక్ష చేస్తారు. ఎం.టెక్.లో నేల మెరుగుదల కోర్సు చెబుతారు. ఒకరు ఆమె మార్గదర్శకత్వంలో పీహెచ్‌డీ పట్టా పొందారు, ఇద్దరు చేస్తున్నారు. పీహెచ్‌డీ: జేఎన్‌టీయూ కాకినాడ."

డిగ్రీ చివరికి వెళ్లింది, అది అవమానమేమీ కాదు. కాంక్రీటు పత్రాలు, సభ్యత్వాలు, కార్యశాలలు ఇందులో లేవు. పేజీ కింద పూర్తి జాబితాకు లంకె ఉంటుంది, కావలసినవారు తెరుస్తారు. వెబ్‌సైటు ఇంగ్లిషులో ఉంటే ఇదే వరుసలో ఇంగ్లిషులో రాయండి. అక్కడ మొదటి వాక్యానికి కర్త తప్పదు కాబట్టి పేరు వస్తుంది, అంతే తేడా.

పంపే ముందు

పేరు మూసేసి మీ విభాగంలోనే ఒకరికి చూపించండి. ఎవరిదో చెప్పలేకపోతే మొదటి వాక్యం ఇంకా వదులుగా ఉందని అర్థం. తర్వాత గణితమో ఇంగ్లిషో చెప్పే సహోద్యోగికి ఇచ్చి, మీరు ఏం చేస్తారో తిరిగి చెప్పమనండి. వారు ఏ మాట దగ్గర ఆగిపోతే ఆ మాట మార్చండి. చివరిగా పత్రాల సహ రచయితకు పంపండి. వారికి అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియడం మంచిది.

చాలా కళాశాలల్లో పరిచయంతోపాటు పూర్తి బయోడేటా ఫైలు కూడా ఎక్కించమంటారు. ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. ఉద్యోగ దరఖాస్తు కోసం తయారుచేసిన కాపీయే అయితే అందులో పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు, ఒక్కోసారి పాన్ నంబరు కూడా ఉంటాయి. అవన్నీ తీసేసిన కాపీ వేరుగా దాచుకుని దాన్నే ఇవ్వండి. ఈమెయిల్ దగ్గర కళాశాల చిరునామా పెట్టండి. సమీక్షకులను వెతికే సంపాదకులు సొంత జీమెయిల్ కన్నా దాన్నే ఎక్కువ నమ్ముతారు.

పేజీ ఎక్కాక లంకెలన్నీ ఫోనులో ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. వెబ్‌సైటు చూసే ఉద్యోగి వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు లంకెలు ఊడిపోవడం, డీఓఐలో ఒక అంకె తగ్గడం తరచుగా జరుగుతుంది. ప్రతి సెమిస్టరు మొదట్లో టైంటేబుల్ చేతికి వచ్చిన రోజున కోర్సుల వాక్యం, పీహెచ్‌డీ విద్యార్థుల వాక్యం మాత్రం సరిచూడండి. మిగతా పేరా రెండేళ్లదాకా ముట్టుకోనక్కర్లేదు.